ఎంబీఏకు ఫీజు కట్టే ముందు

రఘునాథపల్లిలో పుట్టి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, పన్నెండేళ్లుగా సైట్ల మీద తిరుగుతున్న ఒక ముప్పై ఆరేళ్ల ఇంజనీరును అనుకుందాం. ఆయన ప్రాజెక్ట్ మేనేజర్ కావాలనుకుంటున్నాడు. అన్నయ్య ఎంబీఏ చెయ్యమంటాడు, తోటి ఇంజనీరు పీఎంపీ రాయమంటాడు, చదువు చెప్పిన సారు ఎంటెక్ మంచిదంటారు. ఆయన ముందుగా తేల్చుకోవాల్సింది మాత్రం వేరే ఉంది. తనకు కావాల్సిన కుర్చీ ఎవరి చేతిలో ఉంది? వాళ్లు ఏ అర్హత అడుగుతారు?

భూపాలపల్లి సింగరేణి గనులనే చూడండి. పెద్ద బొగ్గు గనికి మేనేజరు కావాలంటే ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ చట్టప్రకారం తప్పనిసరి. దాని పరీక్ష పెట్టేది గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్. మైనింగ్ ఇంజనీరు ఎంత పేరున్న సంస్థలో ఎంబీఏ చేసినా ఈ సర్టిఫికెట్ లేకుండా ఆ బాధ్యత ఇవ్వరు. ఇరిగేషన్ శాఖలో ఏఈఈగా ఉన్నవారి లెక్క ఇంకో రకం. అక్కడ ప్రమోషన్ సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ పరీక్షల మీద నడుస్తుంది. ఎంబీఏ కంటే ముందు పాసవ్వాల్సింది అకౌంట్ టెస్ట్.

మన సివిల్ ఇంజనీరు ప్రైవేటు కంపెనీలో ఉన్నాడు కాబట్టి అక్కడ చట్టం ఏమీ శాసించదు. అందుకే డబ్బు లెక్క ముందు వెయ్యాలి. నెలకు చేతికి లక్ష వస్తోందనుకుందాం. ఉద్యోగం మానేసి ఏడాది పాటు పెద్ద బిజినెస్ స్కూల్లో చదివితే ఫీజు, ఖర్చులు 35 లక్షలు, పోయే జీతం 12 లక్షలు, మొత్తం 47 లక్షలు. బయటికొచ్చాక చేతికి లక్షా అరవై వేలు వస్తే ఏడాదికి అదనంగా దక్కేది 7 లక్షల 20 వేలు. పెట్టింది తిరిగి రావడానికే ఆరున్నరేళ్లు. అప్పు మీద వడ్డీ దీనికి అదనం. అప్పటికి ఆయనకు 43 దాటి ఉంటుంది. అదే సైట్ల పని చెయ్యడానికి ఇంత పెట్టడం నా దృష్టిలో దండగ. ఫైనాన్స్‌కో, కన్సల్టింగ్‌కో పూర్తిగా మారిపోవాలనుకునేవారికి మాత్రం ఇలాంటి చదువే దారి, ఎందుకంటే ఆ కంపెనీలు మనుషుల్ని ఎంచుకునేది ఆ క్యాంపస్‌లలోనే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. హైదరాబాద్ ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు విలువ చాలా ఉంది కానీ అది యూనివర్సిటీ డిగ్రీ కాదు. నోటిఫికేషన్‌లో ఎంబీఏ డిగ్రీయే అడిగితే ఈ తేడా ఇబ్బంది పెడుతుంది.

కంపెనీలో పైమెట్టుకు పీజీ కావాలన్న నియమం ఉంటే, ఉద్యోగం వదలకుండా ఇగ్నో ఎంబీఏ చెయ్యవచ్చు. రోజూ సాయంత్రం క్లాసులుండే కోర్సు సైట్ మీద ఉండేవాడికి కుదరదు. శామీర్‌పేటలోని నిక్మార్ లాంటి చోట నిర్మాణ రంగం మేనేజ్‌మెంట్‌నే ప్రత్యేకంగా నేర్పుతారు. ప్లానింగ్, కాంట్రాక్టుల వైపు లోతుగా వెళ్లాలనుకునేవారికి మామూలు ఎంబీఏ కంటే అదే దగ్గరి చదువు.

మన ఇంజనీరుకైతే ముందు పీఎంపీ దరఖాస్తు తెరవమంటాను. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపించిన అనుభవం 36 నెలలు, శిక్షణ 35 గంటలు ఉండాలి. హోదా పేరు మేనేజర్ కానక్కర్లేదు, చేసిన పనే చూస్తారు. చాలామంది తడబడేది ఇక్కడే. ‘ఫలానా వంతెనకు స్లాబ్ వేయించాను’ అని రాస్తే అది ఇంజనీరు పని. షెడ్యూల్ ఎవరు వేశారు, సబ్ కాంట్రాక్టర్ ఆలస్యం చేసినప్పుడు ఏ పని ముందుకు జరిపారు, వరదకు పని ఆగితే క్లయింటుతో గడువు పెంపు గురించి ఎవరు మాట్లాడారు, ఆర్‌ఏ బిల్లు ఆగినప్పుడు డబ్బు ఎలా సర్దారు, ఇవి రాయాలి. కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు తీస్తారు. అప్పుడు పైఅధికారి మీ అనుభవాన్ని ధ్రువీకరించాలి కాబట్టి కల్పించి రాస్తే కుదరదు. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి 60 పీడీయూలు చూపించి రెన్యువల్ చేసుకోవాలి.

పరీక్ష ఫీజు కట్టేది దరఖాస్తు ఆమోదం పొందాకే. కాబట్టి రాసి చూసుకోవడానికి ఖర్చు లేదు. 36 నెలలు నిండలేదంటే ఆయనకు తక్కువైంది డిగ్రీ కాదు, నడిపించే పని. పైఅధికారిని అడిగి, రాబోయే సైట్‌లో సబ్ కాంట్రాక్టు ప్యాకేజీ ఒకటి ధర బేరం నుంచి ఫైనల్ బిల్లు దాకా తానే చూసుకునేలా తీసుకోవాలి.