రంగును చివర్లో చూడండి

మామిడికాయ ఫొటో చూడగానే మన చూపు రంగు మీద పడుతుంది. తప్పు అక్కడే మొదలవుతుంది. ముందు ఆకారం, తర్వాత ముక్కు, ఆ తర్వాత సైజు చూడండి. రంగు సంగతి చివర్లో చూద్దాం.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయినా, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వేసవిలో మామిడి బండ్లకు కొదవ లేదు. అలాంటి ఒక బండి దగ్గర నిలబడి మా అక్క వాట్సాప్‌లో ఫొటో పంపింది. "తమ్ముడూ, బేనిషాన్ అంటున్నాడు. తీసుకోనా?" మన బంగినపల్లినే హైదరాబాద్‌లో బేనిషాన్ అంటారు. పైన పసుపు పట్టా కప్పి ఉండటంతో ఫొటోలో కాయలన్నీ బంగారంలా మెరుస్తున్నాయి.

"అక్కా, ఒక్క కాయను పక్కకు పడుకోబెట్టు. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి, కాస్త దూరం నుంచి నిటారుగా తియ్యి" అన్నాను. మరీ దగ్గర నుంచి తీస్తే బిళ్ల కంటే ఎత్తుగా ఉండే కాయ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. బిళ్ల అడ్డం కొలత 27 మిల్లీమీటర్లు. రెండో ఫొటోలో కాయ పొడవు అయిదున్నర బిళ్లలు, వెడల్పు మూడుకు కొంచెం తక్కువ. అంటే పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర. పొడవు వెడల్పుకు రెట్టింపు!

బంగినపల్లి అంత సన్నగా ఉండదు. ఒక పక్కకు ఒరిగిన కోడిగుడ్డులా బొద్దుగా ఉంటుంది. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లకు అటూ ఇటూగా వస్తుంది. ముక్కు పెద్దగా తెలియదు, చర్మం నున్నగా ఉంటుంది. ఈ కాయకేమో కింది కొన దగ్గర నొక్కు, దాని కింద చిలక ముక్కులా వంపు. తోతాపురి! చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లేది ఎక్కువగా ఇదే. పచ్చి తోతాపురి ఉప్పూకారంతో బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ బంగినపల్లి ధరకు కొనేది కాదు. అక్క తిరిగొచ్చేసింది.

ఇప్పుడు రంగు. హిమాయత్ పండినా చాలావరకు ఆకుపచ్చగానే ఉంటుంది. ఫొటోలో పచ్చిగా కనిపించిందని వదిలేస్తే మంచి పండు పోయినట్టే. సువర్ణరేఖకు భుజం దగ్గర ఎర్రటి ఛాయ ఉంటుంది, అదీ ఎండ తగిలిన వైపే ఎక్కువ. అందుకే రెండు వైపులా ఫొటో తీయించండి.

చిన్న రసాల దగ్గర మాత్రం ఫొటోను నమ్మకండి. అదే సైజు నాటు మామిడి పక్కన పెడితే నేనూ చెప్పలేను. అక్కడ పండును మెత్తగా నలిపి, తొడిమ తీసి, ఒకటి రుచి చూశాకే బేరమాడండి.