మొదట బ్యాటరీ లేబుల్ చదవాలి

ఇళ్లకు సోలార్ బిగించే పనిలోనే నా వయసంతా గడిచింది. ఇప్పుడు మెట్లెక్కి డాబా మీదికి వెళ్లడం తగ్గించాను గానీ, వాట్సాప్‌లో లేబుల్ ఫొటోలు మాత్రం వస్తూనే ఉంటాయి. మొన్న ఆదిలాబాద్ నుంచి మా మేనల్లుడు ఒకటి పంపాడు. "మామయ్యా, 540 వాట్ల ప్యానెల్ తక్కువకు దొరుకుతోంది. మన ఇంట్లో ఉన్న సోలార్ ఇన్వర్టర్‌కు పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1. ఒక్క ఫొటోతో జవాబు చెప్పకూడదు.

వాడు పంపింది ప్యానెల్ లేబుల్ ఒక్కటే. నేను మరో రెండు ఫొటోలు అడిగాను: ఇన్వర్టర్ పక్కనో వెనకనో అంటించిన అంకెల పట్టీది, బ్యాటరీ మీద ముద్రించిన వివరాలది. ఇన్వర్టర్ ముందు భాగం ఫొటో వల్ల లాభం లేదు. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉండే 1100 వాట్లు కాదు, వీఏ. అది మోయగలిగే వాట్లు అంతకంటే తక్కువే ఉంటాయి. ఫొటో ఎదురుగా నిలబడి, ఫ్లాష్ లేకుండా, నాలుగు అంచులూ కనబడేలా తీయాలి. ఫ్లాష్ మెరుపులో దశాంశ చుక్క కనబడదు, 3 కాస్తా 8లా కనబడుతుంది. ప్యానెల్ లేబుల్ వెనక వైపు ఉంటుంది కాబట్టి బిగించక ముందే, సీరియల్ నంబరుతో సహా ఫొటో తీసి దాచుకోవాలి.

2. చదవడం బ్యాటరీతో మొదలుపెట్టాలి.

అందరూ ప్యానెల్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే అమ్మేవాళ్లు చూపించేది అదే. కానీ ఎంత కరెంటు పట్టేదీ తేల్చేది బ్యాటరీ. మావాడిది 12 వోల్టుల ట్యూబ్యులర్ బ్యాటరీ, 150 ఆంపియర్ అవర్, పక్కన C10 అని ఉంది. అంటే ఆ సామర్థ్యాన్ని పది గంటల్లో వాడేస్తే వచ్చే లెక్క ఇది. C20 అని ఉంటే ఇరవై గంటల లెక్క. అలాంటి 150 బ్యాటరీని పది గంటల్లో వాడితే 125 దగ్గరే ఆగిపోవచ్చు. అంకె ఒకటే కదా అని ఈ రెండింటినీ ఒకే ధరకు కొనకూడదు.

ఇలాంటి బ్యాటరీని సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో, అంటే 15 ఆంపియర్లతో చార్జ్ చేస్తే హాయిగా ఉంటుంది. 20 దాకా ఓర్చుకుంటుంది. అంతకు మించి రోజూ తోస్తే వేడెక్కుతుంది, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, ప్లేట్లు పాడవుతాయి. ఇక వాడకం సంగతి. 150ని 12తో గుణిస్తే 1,800 వాట్ అవర్. బ్యాటరీ మన్నాలంటే సగమే వాడాలి, ఇన్వర్టర్ తినేది కొంత పోవాలి. మిగిలేది 750 అనుకోండి. పాత రకం ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు కలిపి 190 వాట్లయితే నాలుగు గంటలు నడుస్తాయి. ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాట ఇదే, ప్యానెల్ వాట్లు కాదు.

3. ప్యానెల్ వోల్టులు ఇన్వర్టర్ హద్దు దాటితే మిగతా అంకెలు చూడక్కర్లేదు.

ప్యానెల్ లేబుల్ మీద Voc అని ఒక వరుస ఉంటుంది. ఏ లోడూ లేకుండా ఎండలో పెట్టినప్పుడు రెండు తీగల మధ్య వచ్చే వోల్టులు అవి. మావాడు పంపిన ప్యానెల్‌కు అది 49.5. ఇన్వర్టర్ పట్టీ మీద ప్యానెల్ నుంచి తీసుకోగలిగే గరిష్ఠ వోల్టులు 25 అని ఉంది. బిగించి స్విచ్ వేసిన క్షణంలోనే లోపలి చార్జర్ భాగం కాలిపోవచ్చు. అలా కాలిన వాటికి వారంటీ కూడా రాదు. కాబట్టి వద్దన్నాను.

"రెండు ప్యానెళ్లు పెట్టి వోల్టులు పంచొచ్చా?" అన్నాడు. పంచలేం. సిరీస్‌లో కలిపితే వోల్టులు కూడతాయి, ప్యారలల్‌లో కలిపితే ఆంపియర్లు కూడతాయి. ప్యానెళ్లను కలిపి వోల్టులు తగ్గించే పద్ధతి ఏదీ లేదు.

4. కాలకపోయినా వాట్లు వృథా కావచ్చు.

ఇన్వర్టర్ పట్టీ మీద పీడబ్ల్యూఎం అని ఉందా, ఎంపీపీటీ అని ఉందా చూడాలి. మావాడిది మొదటి రకం. ఈ రకం చార్జర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టుల దగ్గరికే లాగి కూర్చోబెడుతుంది. ఆ 540 వాట్ల ప్యానెల్ పని చేసే వోల్టులు 41.65, ఆంపియర్లు 12.97. పీడబ్ల్యూఎం చార్జర్ 49 వోల్టులనూ తట్టుకుందనే అనుకుందాం. బ్యాటరీకి అందేది 13 ఆంపియర్లే. బ్యాటరీ వోల్టులు 13.5తో గుణిస్తే 175 వాట్లు. మిగతాది ఎవరికీ అందదు.

ఇప్పుడు 12 వోల్టుల బ్యాటరీ కోసమే చేసిన 36 సెల్లుల ప్యానెల్ చూడండి. 165 వాట్ల రకానికి లేబుల్ మీద Voc 22 దగ్గర, పని చేసే వోల్టులు 18, ఆంపియర్లు 9 దగ్గర ఉంటాయి. ఇలాంటివి రెండు ప్యారలల్‌లో కలిపితే 18 ఆంపియర్లు, అంటే 243 వాట్లు. లేబుల్ మీద 330 ఉన్న జంట, 540 ఉన్న ఒంటి ప్యానెల్ కంటే ఎక్కువిస్తుంది! 22 వోల్టులు ఇన్వర్టర్ హద్దు లోపలే, 18 ఆంపియర్లు బ్యాటరీ ఓర్పు లోపలే ఉన్నాయి.

విడిగా ఎంపీపీటీ చార్జర్ కొని పెద్ద ప్యానెలే పెట్టుకోవచ్చు. కానీ 540 వాట్లను 13.5 వోల్టులకు దించితే 40 ఆంపియర్లవుతుంది, ఈ బ్యాటరీ ఓర్చుకునేదానికి అది రెట్టింపు. చార్జర్‌ను 20 దగ్గర కట్టడి చేయక తప్పదు. పగలు ఫ్యాన్లు, టీవీ ఆ కరెంటు మీద నడిచే ఇల్లయితేనే ఆ ఖర్చుకు అర్థం ఉంది. మావాడి ఇంట్లో పగలు అందరూ పనుల మీద బయటే ఉంటారు.

5. లేబుల్ అంకెలు 25 డిగ్రీల దగ్గర తీసినవి.

సెల్ చల్లబడితే వోల్టులు పెరుగుతాయి, డిగ్రీకి సుమారు 0.27 శాతం. గరిష్ఠం 100 వోల్టులు అని రాసిన ఎంపీపీటీకి 49.5 వోల్టుల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెడితే 99, సరిపోయిందనిపిస్తుంది. ఆదిలాబాద్ చలికాలపు పొద్దున 8 డిగ్రీలున్నప్పుడు ఎండ తగిలితే అదే 103 దాటుతుంది. ఆ వైపు ఈ లెక్క తప్పనిసరి.

6. లేబుల్ నిజమో కాదో టేపుతో కొలవాలి.

తక్కువకు వచ్చే ప్యానెల్ అయితే రెండు పరీక్షలు చేయండి. పని చేసే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే లేబుల్ మీది వాట్లు రావాలి. 41.65ను 12.97తో గుణించండి, 540 వస్తుంది. తర్వాత పొడవు, వెడల్పు కొలవండి. ఈ రకం ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, అంటే రెండున్నర చదరపు మీటర్ల పైనే ఉంటుంది. ఒక చదరపు మీటరుకు 210 వాట్ల లెక్కన 540 సబబే. మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు కూడా లేని వెడల్పు ప్యానెల్ మీద 400 అని అంటించి ఉంటే అది అబద్ధపు లేబుల్. పాత ప్యానెల్ లోపల చీలిన సెల్లు, పాత బ్యాటరీలో అరిగిన ప్లేట్లు మాత్రం ఏ ఫొటోలోనూ కనబడవు.

7. బ్యాటరీ బిగించే చోటు లేని ఇన్వర్టర్ కరెంటు పోతే ఆగిపోతుంది.

గ్రిడ్‌కు కలిపే రకం అది. లైన్ మీద పని చేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా ఆగేటట్టే చేస్తారు. పట్టీ మీద బ్యాటరీ వోల్టుల వరుసే లేకపోతే కోతల్లో ఫ్యాన్ తిరుగుతుందని ఆశించకండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీకి వెళ్లేవాళ్లు మరొకటి చూసుకోవాలి. ప్యానెల్ లోపలి సెల్లులు కూడా మన దేశంలో చేసినవై ఉండాలి. మేడిన్ ఇండియా అని లేబుల్ మీద ఉంటే అది ప్యానెల్ కూర్పు సంగతే కావచ్చు. అమ్మేవాళ్లను డీసీఆర్ పత్రం అడిగి, అందులోని సీరియల్ నంబర్లను మీరు తీసి దాచిన ఫొటోల్లోని నంబర్లతో ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.