రెజ్యూమెలో చివరి రెండు లైన్లు

హైదరాబాద్‌లో ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పని చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. చదువు పూర్తిచేసిన పిల్లలు ఇప్పటికీ రెజ్యూమెలు తెచ్చి చూపిస్తుంటారు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే: హాబీలు రాయాలా, వద్దా? నాకు తెలిసింది చెబుతాను.

1. ముందు ఖాళీ ఉందో లేదో చూసుకోండి. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు చదువు, ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ రాశాక కూడా పేజీలో చోటు మిగులుతుంది. ఆ చోటు హాబీలకు ఇవ్వొచ్చు. అయిదారేళ్లు ఉద్యోగం చేసినవాళ్లకు చేసిన పనే సాక్ష్యం. వాళ్లు హాబీలు తీసేస్తే నష్టమేమీ లేదు. హాబీల కోసం రెజ్యూమె రెండో పేజీలోకి పోతోందంటే ఎవరైనా సరే తీసేయాల్సిందే.

2. ‘సంగీతం వినడం, పుస్తకాలు చదవడం, క్రికెట్’ అన్న లైను ఏ ఉద్యోగానికీ పనికిరాదు. అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ పక్కవాడి రెజ్యూమెలోనూ అదే ఉంటుంది, చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు. పైగా ‘పుస్తకాలు’ అని రాసినవాళ్లను ఈమధ్య ఏం చదివారని అడిగితే చాలామంది తడబడతారు. అలా తడబడ్డాక మిగతా పేజీ మీద కూడా అనుమానం మొదలవుతుంది. అదే లైనులో క్రికెట్‌కు బదులు ‘కాలేజీ టోర్నమెంటుకు మ్యాచ్‌ల షెడ్యూలు, అంపైర్లు, గ్రౌండు బుకింగ్ నేను చూశాను’ అని ఉంటే, ఆపరేషన్స్ ఉద్యోగానికి మనిషిని వెతికేవాళ్లు తప్పకుండా ఆగుతారు.

3. ఉద్యోగానికి పనికొచ్చే ఆసక్తిని చాలామంది హాబీ అనుకోరు. మా తమ్ముడి కూతురు బీకాం చదివి, ఓ కంపెనీలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తూ రెజ్యూమె పంపింది. హాబీల దగ్గర వంట, సంగీతం అని ఉన్నాయి. సాయంత్రాలు ఏం చేస్తావమ్మా అని అడిగాను. “మా అపార్ట్‌మెంట్ లెక్కలు చూస్తాను పెద్దనాన్నా. నాన్న సెక్రటరీ కదా, ఆయనకు ఎక్సెల్ రాదు” అంది.

ఇరవై నాలుగు ఫ్లాట్లు, ఒక్కోటి నెలకు 1,500 రూపాయలు. వాచ్‌మన్ జీతం, లిఫ్టు సర్వీసు, జనరేటర్ డీజిల్ అన్నీ అందులోంచే. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, ఎవరిచ్చారో ఎవరివ్వలేదో ఒక్కో లైను సరిచూస్తుంది. అద్దెకున్నవాళ్లు యూపీఐలో పంపితే స్టేట్‌మెంట్‌లో ఓనరు పేరు రాదు. డబ్బు పడినా ఆ ఫ్లాటు బాకీగానే కనిపిస్తుంది. అలాంటి మొత్తాలను ఎవరి ఖాతాలోనూ వేయకుండా విడిగా ఓ వరుసలో పెట్టి, ఫోన్ చేసి తేల్చుకున్నాకే ఫ్లాటు పేరున వేస్తుంది. అకౌంట్స్‌లో దాన్నే సస్పెన్స్ ఖాతా అంటారు. చేసే పనినేమో బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటారు. ఆమె వెళ్లబోయే ఉద్యోగంలో రోజూ చేయాల్సింది ఇదే.

వంట, సంగీతం కొట్టేసి, ‘ఆసక్తులు’ అన్న శీర్షిక కింద ఇలా రాయించాను: ‘2023 నుంచి 24 ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్కలు ఎక్సెల్‌లో నిర్వహిస్తూ, ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూస్తున్నాను.’ ‘లెక్కలంటే ఇష్టం’ అన్న మాట ఎక్కడా లేదు. ఇంటర్వ్యూలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, ఎవరిదో తెలియని డబ్బు పడితే ఏం చేస్తావని. ఆమె చెప్పిన జవాబు పుస్తకంలోంచి వచ్చింది కాదు కాబట్టి ఎక్కడా ఆగలేదు.

4. ఎప్పటినుంచి, ఎంత, ఏం చేశారు అన్న మూడూ ఒక్క లైనులో ఇమడాలి. ఇమడలేదంటే ఆ ఆసక్తి ఇంకా రాసే స్థాయికి రాలేదన్నమాట. తెలుగు వికీపీడియాలో రాస్తున్నామంటే ఏ వ్యాసాలు, ఎన్నాళ్లుగా అని రాయండి. అక్కడ ప్రతి మార్పూ రాసినవారి ఖాతా పేరుతో చరిత్రలో ఉంటుంది కనుక ఎవరైనా తెరిచి చూడొచ్చు. కంటెంట్ రైటింగ్ ఉద్యోగానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

5. కొన్ని ఆసక్తులు మంచివే అయినా చోటు చూసి రాయాలి. షేర్ల ట్రేడింగ్ మార్కెటింగ్ ఉద్యోగానికి అడ్డం కాదు. అదే ఆడిట్ సంస్థకో బ్రోకరేజీకో దరఖాస్తు చేస్తే, అక్కడ ఉద్యోగుల సొంత షేర్ల లావాదేవీల మీద ఆంక్షలుంటాయి. రోజూ ట్రేడింగ్ చేస్తానన్న మనిషిని చూసి వాళ్లు వెనకాడతారు. పార్టీ పనులు, కుల సంఘం పదవులు రాయకపోవడమే మేలు. చదివేవాళ్ల అభిప్రాయాలు మనకు తెలియవు. అయితే ఆ సంఘం తరఫున రక్తదాన శిబిరం నడిపి ఉంటే, శిబిరం గురించి రాయండి.

6. సివిల్స్ రాసేవాళ్లకు ఈ లెక్క వర్తించదు. అభ్యర్థులు నింపే వివరాల దరఖాస్తులో హాబీలకు చోటుంటుంది, 275 మార్కుల ఇంటర్వ్యూలో బోర్డు అందులోంచి ప్రశ్నలు వేస్తుంది. అక్కడ పోస్టుకు సరిపోతుందా అని చూసుకోనక్కర్లేదు. నిజంగా చేసేది, నాలుగైదు ప్రశ్నల లోతు తట్టుకునేది రాస్తే చాలు. కోచింగ్‌లో ఎవరో చెప్పారని తోటపని రాసినవాళ్లను, మీ మొక్కలకు ఏ పురుగు పట్టింది, ఏం కొట్టారు అని అడిగితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.