న్యూట్రల్ కరెంటు లెక్క: అపార్ట్‌మెంటు మెయిన్ బోర్డు దగ్గర చేయవలసినవి – చేయకూడనివి

త్రీఫేజ్ సర్వీసు ఉన్న అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు వెళ్లేది సింగిల్ ఫేజే. నాలుగు ఫ్లాట్లు ఆర్ ఫేజు మీద, నాలుగు వై మీద, నాలుగు బి మీద ఉంటాయి. న్యూట్రల్ మాత్రం పన్నెండు ఫ్లాట్లకూ ఒక్కటే. అంటే మొత్తం భవనం ఒక పెద్ద స్టార్ లోడు. మెయిన్ బోర్డులోని న్యూట్రల్ బస్‌బారే దాని స్టార్ పాయింటు. మూడు ఫేజుల్లో లోడు సమానంగా ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండదని ఐటీఐలో చదువుకుంటాం. ఇళ్లలో మాత్రం ఆ సమానత్వం ఏ పూటా కుదరదు. అందుకే న్యూట్రల్‌లో ఎంత కరెంటు పోతోందో లెక్క కట్టడం, ఆ తీగను కాపాడుకోవడం తప్పనిసరి.

ఈ సూచనలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. చలికాలం ఉదయం, గీజర్ల వేళ. ఆర్ ఫేజులో 40 ఆంపియర్లు, వైలో 25, బిలో 10. బి ఫేజు ఫ్లాట్లలో సగం తాళం వేసి ఉన్నాయి. ఒక గీజరు, కొన్ని ఫ్యాన్లు, ఒక టీవీ మాత్రం నడుస్తున్నాయి. లోడులో ఎక్కువ భాగం హీటర్లే కాబట్టి పవర్ ఫ్యాక్టర్ 1 అనుకుందాం. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 ఓల్టులు.

చేయవలసినవి

1. మూడు కరెంట్లనూ ఫేజర్లుగా కూడండి.
న్యూట్రల్‌లో తిరిగి వచ్చేది మూడు ఫేజు కరెంట్ల ఫేజర్ మొత్తం. ఆర్ ఫేజరును కుడివైపు అడ్డంగా గీయండి. వై దానికి 120 డిగ్రీలు వెనక, బి 120 డిగ్రీలు ముందు ఉంటాయి. ఒక్కోదాన్ని అడ్డ భాగం, నిలువు భాగంగా విడదీయండి.

```
      అడ్డం     నిలువు
R     40.0       0.0
Y    -12.5     -21.65
B     -5.0      +8.66
N     22.5     -12.99

IN = √(22.5² + 12.99²) ≈ 26 A
```

న్యూట్రల్‌లో 26 ఆంపియర్లు పోతోంది. దాని దిశ ఆర్ ఫేజరుకు 30 డిగ్రీలు వెనక, అంటే ఆర్‌కూ వైకీ మధ్య, ఆర్‌కు దగ్గరగా. ఈ దిశ ముందు ముందు పనికొస్తుంది, రాసి పెట్టుకోండి. మూడు ఫేజుల పవర్ ఫ్యాక్టర్ ఒకటే అయినప్పుడు బొమ్మ గీయకుండానే ఈ సూత్రం అదే జవాబు ఇస్తుంది:

```
IN = √(R² + Y² + B² - RY - YB - BR)
```

ఈ షరతు ఉన్నంతవరకు న్యూట్రల్ కరెంటు అన్నిటికంటే ఎక్కువ లోడున్న ఫేజు కరెంటును మించదు.

2. లెక్క కట్టాక టాంగ్ టెస్టరుతో కొలవండి.
న్యూట్రల్ తీగ ఒక్కదాన్నే టెస్టరు కొక్కెంలో పెట్టి చూడండి. ట్రూ ఆర్‌ఎంఎస్ రకం మీటరే వాడండి. లెక్కకూ కొలతకూ దగ్గరగా ఉంటే సరే. కొలత బాగా తక్కువగా ఉంటే కొంత కరెంటు ఎర్తు గుండా తిరిగి పోతోందేమోనని అనుమానించాలి. అప్పుడు మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి నాలుగు తీగలూ కొక్కెంలో పెట్టండి. అంతా సవ్యంగా ఉంటే సున్నాకు దగ్గరగా చూపాలి. కొన్ని ఆంపియర్లు చూపిస్తే ఆ మేరకు కరెంటు దారి తప్పింది. ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకు తగులుతోంది, లేదా ఇన్సులేషన్ దెబ్బతింది.

కొలత లెక్క కంటే బాగా ఎక్కువగా ఉందంటే రెండు కారణాలుండొచ్చు. మొదటిది పవర్ ఫ్యాక్టర్ తేడా. మూడు ఫేజుల్లోనూ 20 ఆంపియర్లే ఉన్నా, వై ఫేజులో మాత్రం పంపు మోటారు వల్ల పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే, ఆ ఫేజరు మరో 37 డిగ్రీలు వెనక్కి జరుగుతుంది. పై సూత్రం సున్నా అంటుంది. ఫేజర్లను సరైన కోణాల్లో కూడితే 12.6 ఆంపియర్లు వస్తుంది. టాంగ్ టెస్టరు కోణం చూపదు కాబట్టి మూడు ఫేజుల అంకెలు సమానంగా కనబడినంత మాత్రాన న్యూట్రల్ ఖాళీగా ఉందనుకోకూడదు.

రెండోది ఎల్‌ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు, ఛార్జర్ల నుంచి వచ్చే మూడో హార్మోనిక్. ఈ 150 హెర్ట్జ్ కరెంట్లు మూడు ఫేజుల్లోనూ ఒకే తాళంలో నడుస్తాయి కనుక ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, నేరుగా కూడతాయి. ఒక్కో ఫేజులో 6 ఆంపియర్ల మూడో హార్మోనిక్ ఉంటే, లోడు పూర్తిగా సమానంగా ఉన్నా న్యూట్రల్‌లో 18 ఆంపియర్లు ఉంటుంది. 50 హెర్ట్జ్ ఫేజర్ల లెక్కలో ఇది కనబడదు. దీన్ని పట్టిచ్చేది కొలతే.

3. న్యూట్రల్ తెగితే ఏమవుతుందో ముందే లెక్క కట్టండి.
26 ఆంపియర్ల లెక్కకు అసలు ఉపయోగం ఇక్కడుంది. న్యూట్రల్ ఊడిపోతే ఆ కరెంటుకు దారి ఉండదు. అప్పుడు స్టార్ పాయింటు సున్నా దగ్గర నిలవదు, అదే దిశలో పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే, మూడు ఫేజుల కరెంట్ల మామూలు మొత్తం 75 ఆంపియర్లు కనుక:

```
230 × 26 / 75 ≈ 80 V
```

ఈ 80 ఓల్టుల ఫేజరును ఒక్కో ఫేజు ఓల్టేజీ నుంచి తీసేయండి. ఆర్ ఫ్లాట్లకు 166 ఓల్టులు మిగులుతుంది, వై ఫ్లాట్లకు 243, బి ఫ్లాట్లకు 302. జరిగిన దిశ ఆర్ వైపు కాబట్టి ఆర్‌కు తగ్గింది, దూరంగా ఉన్న బికి పెరిగింది. తక్కువ లోడున్న ఫేజుకే ఎక్కువ ఓల్టేజీ దెబ్బ తగులుతుంది.

ప్రమాదం అక్కడితో ఆగదు. బి ఫేజులోని గీజరు 302 ఓల్టుల దగ్గర త్వరగా వేడెక్కి థర్మోస్టాట్ ఆగిపోతుంది. దాని 8 ఆంపియర్లు పోయి ఆ ఫేజులో 2 ఆంపియర్ల లోడే మిగిలిందనుకోండి. అదే లెక్క మళ్లీ కడితే బి ఫేజు ఓల్టేజీ 338కి చేరుతుంది. టీవీ, ఫ్రిజ్, సెటాప్ బాక్సు కాలిపోయేది ఇలాగే. ఒక్కొక్కటీ కాలి ఆగిపోతున్నకొద్దీ మిగిలినవాటి మీద ఓల్టేజీ ఇంకా పెరుగుతుంది.

4. న్యూట్రల్ జాయింట్లకు ఫేజు జాయింట్ల కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి.
ఫేజు జాయింటు వదులైతే ఆ ఫేజు ఫ్లాట్లలో కరెంటు మిణుకుమిణుకుమంటుంది, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు. న్యూట్రల్ జాయింటు వదులైతే పన్నెండు ఇళ్ల ఓల్టేజీ చెడుతుంది. సరఫరా పూర్తిగా ఆపాక లగ్గులు సరిగ్గా నొక్కారా, బోల్టులు బిగువుగా ఉన్నాయా, రంగు మారిందా, ఇన్సులేషన్ కరిగిందా అని చూడండి. అల్యూమినియం తీగ రాగి బస్‌బారుకు చేరే చోట బైమెటల్ లగ్గు వాడండి.

5. న్యూట్రల్ సైజు ఫేజుతో సమానంగా ఉంచండి.
మూడున్నర కోర్ కేబుల్‌లో ఫేజులు 35 చదరపు మిల్లీమీటర్లయితే న్యూట్రల్ 16 మాత్రమే. మోటార్లున్న చోట అది సరిపోవచ్చు. అంతా సింగిల్ ఫేజు లోడు, అందులోనూ ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువున్న భవనానికి నాలుగు కోర్లూ సమానంగా ఉన్న కేబుల్ వేయించండి.

చేయకూడనివి

1. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ స్విచ్చు గానీ పెట్టకండి.
ఫేజులు కలిసే ఉండి న్యూట్రల్ ఒక్కటే తెగడమే పైన చూసిన ప్రమాదం. విడి ఫ్యూజు పెడితే ఆ ప్రమాదాన్ని మనమే అమర్చినట్టు. న్యూట్రల్‌ను తెంచాల్సి వస్తే మూడు ఫేజులతో పాటు ఒకేసారి తెంచే ఫోర్ పోల్ స్విచ్చే ఉండాలి. జనరేటర్ చేంజోవర్‌కూ ఇదే నియమం.

2. లోడు నడుస్తుండగా న్యూట్రల్ లింకు విప్పకండి.
నలుపు తీగే కదా, షాకు కొట్టదు అనుకోవద్దు. మన ఉదాహరణలో లింకు విప్పిన రెండు కొసల మధ్య 80 ఓల్టులు నిలుస్తుంది. ఆర్ ఫేజు లోడు ఒక్కటే నడుస్తుంటే పూర్తి 230 నిలుస్తుంది. నియాన్ టెస్టరు వెలగలేదని కూడా నమ్మకండి. తక్కువ ఓల్టేజీ దగ్గర అది వెలగకపోవచ్చు, మనిషికి మాత్రం ఆ ఓల్టేజీ ప్రమాదమే.

3. ఒక ఫేజు పోయిందని అందరూ ఇంకో ఫేజుకు మారకండి.
బి ఫేజు ఫ్యూజు పోగానే ఆ ఫ్లాట్ల వాళ్లు సెలెక్టరు తిప్పి ఆర్ మీదికి వచ్చారనుకోండి. ఆర్ 50, వై 25, బి సున్నా. న్యూట్రల్ కరెంటు 26 నుంచి 43 ఆంపియర్లకు ఎగబాకుతుంది. భవనం మొత్తం లోడు మారకుండానే న్యూట్రల్ తీగ మీద భారం ఒకటిన్నర రెట్లు దాటింది. మారక తప్పకపోతే ఫ్యాన్లు, లైట్ల వరకే వాడుకుని గీజర్లు ఆపండి.

4. న్యూట్రల్‌కు బదులు ఎర్తు తీగ వాడకండి.
తాత్కాలికంగా ఎర్తుకు కలిపితే లైట్లు వెలుగుతాయి. కానీ ఎర్తు గుంట రెసిస్టెన్స్ కొన్ని ఓములుంటుంది. దానిలో 26 ఆంపియర్లు నిలవదు, ఓల్టేజీలు ఎలాగూ చెదురుతాయి. పైగా ఎర్తుకు కలిపిన ప్రతి ఫ్రిజ్, గీజర్, గ్రైండర్ ఒంటి మీదికి ఆ ఓల్టేజీ వస్తుంది.

న్యూట్రల్ పోయిందని అనుమానం వస్తే

కొన్ని ఫ్లాట్లలో లైట్లు మరీ ప్రకాశంగా, మరికొన్నింటిలో డల్లుగా వెలుగుతాయి. పక్క ఫ్లాటులో గీజరు వేస్తే మీ ఫ్యాను వేగం మారుతుంది. ఇవే గుర్తులు. పరికరాల ప్లగ్గులు ఒక్కొక్కటీ పీకుతూ కూర్చోకండి. అలా ఒక ఫేజు లోడు తగ్గేకొద్దీ దాని ఓల్టేజీ పెరుగుతుంది. నేరుగా కిందికి వెళ్లి మెయిన్ స్విచ్చుతో మూడు ఫేజులూ ఒకేసారి ఆపండి. లోపం మీటరుకు అవతల, సర్వీసు తీగలో లేదా స్తంభం మీద ఉంటే 1912కు ఫోన్ చేయండి; స్తంభం మీద పని లైన్‌మన్‌దే.

బాగుచేశాక ఫ్లాట్ల ఎంసీబీలు అన్నీ ఆపే ఉంచి మెయిన్ వేయండి. ఆర్, వై, బి ఒక్కోదానికీ న్యూట్రల్‌కూ మధ్య ఓల్టేజీ కొలవండి. మూడూ 230కి దగ్గరగా ఉండాలి. తర్వాత ఆర్ ఫేజులో ఒక్క గీజరు వేసి బి ఫేజు ఓల్టేజీ చూడండి. అది రెండు మూడు ఓల్టుల కంటే ఎక్కువ మారితే జాయింటు ఇంకా కుదరలేదని అర్థం. వెంటనే మెయిన్ ఆపి జాయింటు మళ్లీ చూడండి. మారకుండా నిలిస్తేనే మిగిలిన ఫ్లాట్లకు సరఫరా ఇవ్వండి.