పాత చలికోటు కొనేముందు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు సంక్రాంతి చలికి స్వెట్టర్ ఉంటే సరిపోతుంది. దూది కూరినట్టుండే మందపాటి చలికోటు కావలసింది ఢిల్లీలోనో నోయిడాలోనో ఉద్యోగం వచ్చినవాళ్లకి, పై దేశాలకి వెళ్లేవాళ్లకి. కొత్తది ఖరీదు కాబట్టి, అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇంట్లో ఉన్నదాన్ని అడుగుతాం. అలాంటి కోట్లు మన దగ్గర వాడకం వల్లకన్నా నిల్వ వల్లే ఎక్కువగా పాడవుతాయి. సముద్రపు తేమలో, అటక మీద సూట్‌కేసులో ఐదేళ్లు నొక్కుకుపోయిన కోటు, నాలుగు చలికాలాలు రోజూ తొడిగినదానికన్నా అధ్వానంగా ఉండొచ్చు. ‘‘రెండుసార్లే వేశాడండీ, కొత్తదే’’ అన్న మాటకి ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

ముందు వాసన చూడాలి. బట్ట చల్లగా ఉన్నప్పుడు వాసన సరిగా తెలియదు. కోటు తొడుక్కుని జిప్పు పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఒంటి వేడికి లోపల ఉన్నదంతా బయటపడుతుంది. అప్పుడు మెడపట్టీ, చంకలు, లోపలి జేబు విడివిడిగా వాసన చూడండి. కలరా ఉండల వాసనైతే నీడలో, గాలి తగిలేలా కొన్నాళ్లు వేలాడదీస్తే తగ్గుతుంది. ముక్కిన వాసన వస్తే మాత్రం జేబు లోపలి బట్ట బయటికి తిప్పి చూడండి, నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. పైబట్టకి పట్టిన బూజు ఉతికితే పోవచ్చు, లోపలి ఈకలకి పట్టినది పోవడం కష్టం. అత్తరో సెంటో గుప్పున కొడితే దాని వెనక ఏదో ఉందని అనుమానించాల్సిందే.

తర్వాత లోపలి నింపుడు. కోటుని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కుట్లతో విడగొట్టిన ఒక్కో అరలో నింపుడు సమానంగా ఉంటే నీడ ఒకేలా పడుతుంది. ఒకచోట ముద్ద, పక్కనే ఖాళీ ఉంటే వెలుతురు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఆ ఖాళీలోంచే చలి లోపలికి వస్తుంది. భుజాల మీద, మోచేతుల దగ్గర ప్రత్యేకంగా తడమండి, బ్యాగు పట్టీ నొక్కేది, చెయ్యి మడిచేది అక్కడే. ముద్ద దొరికితే వేళ్లతో మెల్లగా విడదీసి చూడండి. బాతు ఈకల నూగైతే చాలావరకు విడిపోతుంది. తడి పూర్తిగా ఆరక అతుక్కున్న నూగుని డ్రయ్యర్‌లో రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తక్కువ వేడి మీద తిప్పితే మళ్లీ పొంగుతుంది. పాలియెస్టర్ ఫైబర్ పొర చిరిగి కిందికి జారిపోతే మాత్రం దాన్ని యథాస్థానంలో పెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. అంచు దగ్గర బరువుగా, భుజం దగ్గర పల్చగా ఉన్న కోటు అలాంటిదే, దాన్ని వదిలెయ్యండి.

లైనింగ్‌ని బొటనవేలితో గట్టిగా రుద్దండి. నీళ్లు పట్టని కోట్లలో లోపల సన్నటి పూత ఉంటుంది. వేడి, తేమ కలిస్తే అది జిగటగా మారి పొరలు పొరలుగా రాలుతుంది. దీనికి మరమ్మతు లేదు.

జిప్పుని కూర్చుని, లేచి, చేతులెత్తి వేసి తీయండి. రన్నర్ దాటాక వెనక పళ్లు విచ్చుకుంటే రన్నర్ అరిగింది, టైలర్ దాన్ని ఒక్కటే మారుస్తాడు. జిప్పు అడుగున పుల్ల గూట్లోకి దూరేచోట బట్ట పీచులు లేచి ఉంటే మొత్తం జిప్పు మార్చాల్సిందే. లోహపు పళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే ఉప్పుగాలి పని. కొద్దిగా ఉంటే తుడిచి కొవ్వొత్తి రుద్దితే జారుతుంది, పన్ను తినేసి ఉంటే లాభం లేదు. కుట్లకి వస్తే చంక దగ్గర, జేబు మూలల్లో రెండు పక్కలా పట్టుకుని లాగండి. దారం ఊడితే మళ్లీ కుట్టించుకోవచ్చు. కుట్టు రంధ్రాల్లోంచి ఈకలు అదేపనిగా వస్తుంటే బట్టే వదులైపోయిందని అర్థం.

రేపల్లె కుర్రాడు జనవరిలో నోయిడాలో డ్యూటీలో చేరాలనుకుందాం. తెనాలిలో తెలిసినవాళ్లు షికాగో నుంచి తెచ్చిన ఈకల కోటు, మరొకరి పాలియెస్టర్ కోటు చూపించారు. ఈకలది ఘనంగా ఉంది, కానీ పది నిమిషాలు తొడిగేసరికి ముక్కిన వాసన, జేబులో నల్లచుక్కలు. పాలియెస్టర్‌ది వెలుతురులో సమానంగా ఉంది, రన్నరొక్కటే అరిగింది. నోయిడా తెల్లవారుజాము చలి మూడు నాలుగు డిగ్రీలకి దిగినా, షికాగోలోలా సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోదు. లోపల స్వెట్టరుంటే రెండోది చాలు. ‘‘రన్నర్ మార్పించాలి బాబాయ్, ఆ ఖర్చు తగ్గించండి’’ అని అడిగి అదే తీసుకోవాలి.

ప్రయాణానికి పది రోజుల ముందే కొనండి. ఉతికిన మందపాటి కోటు మన తేమలో ఆరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, పైన ఆరినా లోపల తడి ఉంటుంది. మధ్యలో నొక్కి చూస్తే చల్లగా తగులుతున్నంతసేపూ సూట్‌కేసులో పెట్టొద్దు.