చదువు కేలండర్లో ఖాళీ గళ్ళు



మనలో చాలామంది టైంటేబుల్ రాసి పెట్టె మూతకు లోపల అంటిస్తాము. అది నాలుగు వారాలు కూడా నిలవదు. ఎందుకు నిలవదో నేను పోయిన ఏడాది ఎనిమిదో తరగతిలో నా నోటుపుస్తకం చూసి కనుక్కున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

2026లో మహాశివరాత్రి ఫిబ్రవరి 15న, ఆదివారం వచ్చింది. ఆదివారం ఎట్లాగూ గుడ్డలు ఉతుక్కుని తలకు పోసుకునే రోజు, చదువు ఉండదు. అందుకని "ఈసారి ఒక్కరోజు కూడా పోదు" అని కేలండర్లో ఏమీ గుర్తు పెట్టలేదు. కానీ మా ఊరు కాళహస్తి పక్కన. ఇక్కడి నుంచి పీలేరు, తిరుపతి మీదుగా పోవాల. శనివారం పొద్దున మా నాయన వచ్చి సంతకం పెట్టి పిలుచుకుపోయినాడు. ఆదివారం రాత్రి జాగరణ. తిరునాళ్ళలో మా అమ్మ గాజుల అంగట్లో పనికి పోతాది, చెల్లెల్ని నేనే చూసుకోవాల. కాబట్టి పోకుండా ఉండేది కుదరదు. సోమవారం బయలుదేరుదామంటే రథం చూసి తిరిగిపోయే జనం. తిరుపతి బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. మంగళవారం మధ్యాన్నానికి హాస్టల్ చేరినాను. బుధవారం రాత్రి చదువులో పుస్తకం మీదే నిద్రపోయినాను.

లెక్క వేస్తే శని, సోమ, మంగళ, బుధ నాలుగు సాయంత్రాలు పోయినాయి. పండగ మాత్రం ఒక్కరోజే! పండగను పండగ రోజుతో లెక్కపెట్టకూడదు, పోయేరోజు, వచ్చేరోజు, నిద్ర తీరని రోజు కలిపి లెక్కపెట్టాల.

నాలుగు రోజులు పోవడం కంటే ఆ తరువాత జరిగిందే పెద్ద నష్టం. నా పట్టీలో ప్రతి సాయంత్రానికీ ఒక పాఠం రాసి ఉంది. ఒక పాఠం జరిగితే దాని వెనక ఉన్నవన్నీ జరిగినాయి. కొట్టేసి మళ్ళీ రాసినాను. మార్చిలో మా చిన్నాయన పెళ్ళికి ఇంకో మూడు రోజులు పోయినాయి, మళ్ళీ కొట్టేసినాను. మూడోసారి రాయబుద్ధి కాక ఆ కాగితం చించేసినాను. లెక్కల్లో చివరికి పెట్టుకున్న క్షేత్రమితి చదవకుండానే పరీక్షకు పోయినాను.

అందుకే ఈ ఏడాది ముందు పంచాంగం చూసినాను. వంటశాల గోడకున్న పరాభవ నామ సంవత్సరం పంచాంగం అది. చూస్తే పండగలు రెండు రకాలని తెలిసింది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తాది కాబట్టి ఎప్పుడూ జనవరి 14, 15 దగ్గరే ఉంటాది. సెలవులు కూడా ఉంటాయి, దానితో ఇబ్బంది లేదు. శివరాత్రి, ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తాయి. చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులే. అందుకని అవి ఏడాదికి 11 రోజులు వెనక్కి జరుగుతాయి. శివరాత్రి 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15. అట్లాగే జరిగిపోకుండా రెండున్నర, మూడేళ్ళకొకసారి ఒక అధికమాసం కలుపుతారు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. కాబట్టి ఈసారి శివరాత్రి 19 రోజులు ముందుకు పోయి 2027 మార్చి 6న, శనివారం పడుతుంది. పోయిన ఏటి తేదీని చూసి రాసుకుంటే తప్పే. (మన తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో, ఎండాకాలం సెలవుల్లో వస్తాది. గంగమ్మ తల్లికి మన మీద దయ ఉంది.)

పెళ్ళి తేదీ పంచాంగంలో ఉండదు కదా అని మా గదిలో ఒక అక్క అడిగింది. తేదీ ఉండదు, కానీ కాలం ఉంటాది. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ముహూర్తాలు పెట్టరు. పుష్యం ఈసారి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఉంది. ఆ తరువాత మాఘం, ఫాల్గుణం. మూఢం లేకుంటే పెళ్ళిళ్ళన్నీ ఆ రెండు నెలల్లోనే, అంటే సరిగ్గా మన పరీక్షల ముందే. మా కాలనీలో అందరూ ముహూర్తం చూసే చేస్తారని కాదు. కానీ పందిరి వాళ్ళు, మేళం వాళ్ళు అప్పుడే దొరుకుతారు కాబట్టి మావాళ్ళూ అప్పుడే పెడతారు. ఏదో ఒక పెళ్ళి ఉంటాది అనే అనుకోవాల.

ఇప్పుడు నా లెక్క చూడండి. 2027 జనవరి 25 సోమవారం నుంచి మార్చి 31 వరకు 66 రోజులు. తొమ్మిది ఆదివారాలు తీసేస్తే 57 సాయంత్రాలు. శివరాత్రికి మార్చి 5, 6, 8, 9 నాలుగు గళ్ళు ముందే ఎర్ర పెన్సిలుతో కొట్టేసినాను. మిగిలింది 53. పెళ్ళికి మూడు, జ్వరానికి రెండు, మొత్తం ఐదు. వీటికి తేదీ తెలియదు కాబట్టి ఐదు శనివారాలు ఖాళీగా పెట్టినాను: ఫిబ్రవరి 13, 20, 27, మార్చి 13, 20. ఇంక 48 ఉన్నాయి. చదవాల్సిన పాఠాలు అన్ని సబ్జెక్టులూ కలిపి 22, ఒక్కొక్కదానికి రెండు సాయంత్రాలు, 44. అవి మార్చి 26తో అయిపోతాయి. చివరి నాలుగు పాత ప్రశ్నపత్రాలకు. ఖాళీలు పెట్టకుండా ఉంటే 57 చూసుకుని 28 పాఠాలు రాసుకునేదాన్ని, ఆరు పాఠాలు అబద్ధం అయ్యేవి.

ఖాళీలన్నీ చివర్లో ఒకేచోట పెట్టకూడదా అంటే, నేను మొదట అట్లానే రాసినాను. అప్పుడు ఫిబ్రవరిలో పోయిన పాఠం మార్చి చివరికి పోతాది. నడుమ ఉన్న పాఠాలు అది రాకుండానే చదవాల. లెక్కల్లో అది కుదరదు. వారం వారం ఒక ఖాళీ ఉంటే, బుధవారం పోయిన పాఠం ఆ శనివారమే చదువుకోవచ్చు, వెనక ఉన్నవి కదలవు.

ఏమీ పోని వారంలో ఆ శనివారం ముందు పాఠం చదవను. ఒకసారి ముందుకు పోతే ఖాళీ ఉందనే మాట మరిచిపోతాను. పాత తప్పులు దిద్దుకుంటాను. టీవీలో సినిమా వచ్చినా ఆ గడి వాడకూడదు అని రాసుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే దాని సంగతి ఇంకా తెలియదు.

శివరాత్రి లోపలే మూడు ఖాళీలూ అయిపోతే ఈ లెక్క నిలవదని అర్థం. అప్పుడు రాత్రి పన్నెండు దాకా కూర్చోవడం కంటే ఒక పాఠం తీసేయడం మేలు. ఏది తీయాలో ఇప్పుడే టీచరుగారిని అడిగి వెనక అట్ట మీద రెండు పాఠాల పేర్లు రాసుకున్నాను.

ఉగాది ఒక్కటే తేలలేదు. పోయినసారి మార్చి 19న వచ్చింది, ఇంటికి పోయి వచ్చినాను. ఈసారి ఏప్రిల్ 7, బుధవారం. వార్షిక పరీక్షలు కూడా ఏప్రిల్లోనే. పరీక్ష పక్కన మూడు రోజుల ఖాళీ పెట్టడానికి చోటు లేదు. రానని మా అమ్మకు ఇప్పుడే చెప్పినాను. "పచ్చడి ఎవరు నూరతారే?" అన్నింది. శివరాత్రికి నాలుగు రోజులు నిండుగా ఉంటానని చెప్పి కేలండర్లో ఎర్ర గళ్ళు చూపించినాను. అమ్మకు చదవడం రాదు, గళ్ళు వేలితో లెక్కపెట్టింది. నాలుగు ఉన్నాయి సరే అనింది.

మాఘంలో మీ ఇళ్ళల్లో పెళ్ళి ఉందని తెలిస్తే ఈ కాగితం కింద పెన్సిలుతో తేదీ, ఊరు రాయండి. ఒకే దారిలో పోయేవాళ్ళం ఉంటే ఒక నాయనే వచ్చి ఇద్దరినీ పిలుచుకుపోవచ్చా, ఇంకొకరి నాయనకు ఆ రోజు కూలి మిగులుతుంది కదా అని మేడమ్ గారిని అడగాలని ఉంది.