వెట్టి కథనాల వర్గీకరణ: ఇద్దరు పాఠకుల ఏకీభావాన్ని కొలిచే కోహెన్ కప్పా

తెలంగాణ సాయుధ పోరాటం (1946-51) నాటి మౌఖిక కథనాలను పరిశీలించేవారు తొలుత వాటిని ఖండికలుగా విభజించి, ప్రతి ఖండికకు విషయసూచకమైన ఒక సంకేతాన్ని కేటాయిస్తారు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల కథనాలలో పదేపదే ఎదురయ్యే విషయం వెట్టి. ‘ఈ ఖండికలో వెట్టి ప్రసక్తి ఉన్నదా?’ అని ఇద్దరు పాఠకులను విడివిడిగా అడిగితే, వారి సమాధానాలు ఎంతవరకు కలుస్తాయన్నది ఇక్కడి ప్రశ్న.

ఉదాహరణకు నూరు ఖండికలను ఊహించుకొందాం. నలభైయింటిని ఇద్దరూ ‘ఉన్నది’ అన్నారు, ముప్పదింటిని ఇద్దరూ ‘లేదు’ అన్నారు. ఇరవైయింటిని మొదటి పాఠకుడు మాత్రమే, పదింటిని రెండవ పాఠకుడు మాత్రమే వెట్టిగా గుర్తించారు. ఏకీభావం నూటికి 70. కాని ఇందులో కొంత కాకతాళీయం. మొదటివాడు 60, రెండవవాడు 50 ఖండికలకు ‘ఉన్నది’ అన్నారు కనుక, చదువకుండానే ఆ నిష్పత్తిలో గుర్తులు పెట్టినా 0.6×0.5 + 0.4×0.5 = 0.50 మేరకు కలిసేవారు. 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన సూత్రం ఈ భాగాన్ని తీసివేస్తుంది:

κ = (Po − Pe) / (1 − Pe) = (0.70 − 0.50) / (1 − 0.50) = 0.40

డెబ్బది వినసొంపైన సంఖ్యే, 0.40 అంతటిది కాదు. అయితే ఈ సంఖ్యను పాఠకుల అసమర్థతకు నిదర్శనంగా భావించడం తొందరపాటు. విభేదించిన ముప్పది ఖండికలను తిరిగి చదవాలి. ‘దొర గడికి వడ్లు దంచబోయినం’ అని ఒక స్త్రీ చెప్పినదనుకొందాం. కూలి ముట్టినదో లేదో ఆమె చెప్పలేదు, వెట్టి అన్న మాటా వాడలేదు. మొదటి పాఠకుడు పనిని చూచి వెట్టి అన్నాడు. రెండవవాడు పదం లేదు కనుక కాదన్నాడు. ఇరవైయింటిలో అధికభాగం ఇటువంటివైతే దోషం నిర్వచనానిది. ‘కూలి లేకుండా, నిర్బంధంగా చేయించిన పని, పదం లేకున్నా సందర్భం ఆ రెంటినీ తెలిపితే చాలు’ అని దానిని సవరించి, కొత్త ఖండికలపై మరల పరీక్షించాలి. చర్చించిన ఖండికలనే మళ్ళీ లెక్కిస్తే కప్పా పెరుగుతుంది, కాని అది జ్ఞాపకశక్తికి కొలత మాత్రమే.

సవరణ తరువాత కూడా తేలనివి కొన్ని మిగులుతాయి. అక్కడ అస్పష్టత కథనంలోనే ఉన్నది. వాటిని బలవంతంగా ఒక పక్షాన చేర్చక, ‘సందిగ్ధం’ అన్న మూడవ సంకేతం క్రింద ఉంచడమే న్యాయం.

అరుదైన విషయాలలో కప్పా మరొక విధంగా తికమక పెడుతుంది. ఆయుధశిక్షణ ప్రసక్తిని ఇద్దరూ గుర్తించినవి రెండు, ఒక్కొక్కరే గుర్తించినవి నాలుగేసి, ఇద్దరూ లేదన్నవి తొంభై అయితే ఏకీభావం 92 శాతం, κ మాత్రం దాదాపు 0.29. ‘లేదు’ అన్నవే అత్యధికం కావడం చేత కాకతాళీయ భాగం 0.89కి చేరింది. అందుచేత కప్పాతోపాటు ఆ నాలుగు గళ్ళ పట్టికనూ ప్రచురించాలి. లాండిస్, కోచ్ 1977లో సూచించిన ‘మధ్యస్థం’, ‘గణనీయం’ వంటి శ్రేణులు వారు స్వయంగా చెప్పినట్లు ఐచ్ఛికాలే. పట్టికకు అవి ప్రత్యామ్నాయం కావు.